లాగ్‌ఫ్రేమ్ రాయడం ఎలా: ఒక ఫ్లోరైడ్ ఊరి మంచినీళ్ల ప్రాజెక్టుతో మొదటి గడి నుంచి చివరి గడి దాకా

ప్రపోజల్ పంపడానికి ఇంకా రెండు రోజులే ఉంటాయి, బడ్జెట్ అయిపోతుంది, ఫొటోలు కూడా పెట్టేస్తారు, అప్పుడు ఎవరో "లాగ్‌ఫ్రేమ్ కూడా అడిగారండీ" అంటారు. అంటే ప్రాజెక్టు ఏం చేస్తుంది, దాంతో ఏం మారుతుంది, అది ఎలా తెలుస్తుంది అన్నదంతా ఒకే చోట చూపించే పట్టిక. పాత ప్రాజెక్టు ఫైల్ తెరిచి ఊరి పేరు మార్చి అతికించేస్తారు. నేనూ చాలాసార్లు అదే చేశాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. కానీ ఈ పట్టికను ముందే కూర్చుని రాస్తే ప్రాజెక్టు ఎక్కడ తెగిపోతుందో డబ్బు ఖర్చు పెట్టకముందే కనపడుతుంది. చివర్లో రాస్తే దాతకు చూపించే కాగితంగా మిగులుతుంది.

అసలు విషయం చిన్నదే. నాలుగు అడ్డ వరుసలు, నాలుగు నిలువు వరుసలు, మొత్తం 16 గడులు. 1969లో అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం లియోన్ రోసెన్‌బర్గ్ బృందం దీన్ని తయారు చేసింది, తర్వాత దాతలందరూ తమ తమ రూపాల్లో వాడుకున్నారు. అందుకే ఒకరి ఫారంలో "పర్పస్" అని ఉంటే ఇంకొకరి ఫారంలో అదే "అవుట్‌కమ్" అని ఉంటుంది. పేర్లు చూసి కంగారు పడకండి. అడ్డంగా చూస్తే పైనుంచి లక్ష్యం, ఉద్దేశం, అవుట్‌పుట్లు, పనులు. నిలువుగా చూస్తే ఎడమ నుంచి వివరం, సూచికలు, వాటికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది, అజంప్షన్లు, అంటే మన చేతిలో లేకపోయినా జరిగి తీరాల్సినవి.

నింపే వరస మాత్రం ముఖ్యం. చాలామంది ఎడమ నుంచి కుడికి వరుస వరుసగా నింపుకుంటూ పోతారు. అలా వద్దు. మొదట ఎడమ వైపు వివరం అంతా పైనుంచి కిందికి రాయండి. తర్వాత కుడి చివర ఉన్న అజంప్షన్లకు వెళ్లి కిందినుంచి పైకి రండి. మధ్యలోని సూచికలు, ఆధారాలు ఆఖర్న. ఎందుకంటే అజంప్షన్లు రాసేటప్పుడు ఎడమ వైపు రాసింది సగం మారిపోతుంది, ముందే సూచికలు రాసి ఉంటే అవన్నీ మళ్లీ కొట్టేసుకోవాలి.

పట్టిక కంటే ముందు

ఒక ఊరు అనుకుందాం. కనిగిరి, పొదిలి వైపు ఉన్న ఏ ఊరైనా సరే. మన దేశంలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ గురించి మొదట 1937లో వైద్యులు రాసింది ఈ ప్రాంతం గురించే, అప్పుడది నెల్లూరు జిల్లా. మన ఊళ్లో 320 ఇళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3.2 మిల్లీగ్రాములు. భారత ప్రమాణం ప్రకారం 1.0 దాకా ఉండొచ్చు, వేరే దారే లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ ఊరికి మూడేళ్ల ప్రాజెక్టు రాస్తున్నాం. (ఊరి లెక్కలు ఉదాహరణకు నేను వేసినవే, మీ ఊరివి మీరు కొలుచుకోండి.)

అరుగు మీద నలుగురినీ కూర్చోబెట్టి "సమస్య ఏంటి" అని అడగండి. "నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు లేదు సార్" అంటారు. ఇది సమస్య కాదు, మన మనసులో ముందే ఉన్న పరిష్కారం. "ప్లాంటు లేదు" అని రాసుకుంటే "ప్లాంటు కట్టాం" అనగానే ప్రాజెక్టు అయిపోయినట్టు లెక్క. సమస్యను మనుషుల వైపు నుంచి చెప్పండి: ఈ ఊళ్లో పిల్లలు, పెద్దలు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగుతున్నారు, ఆ నీళ్లతో వండింది తింటున్నారు. ఈ రెండో ముక్క అడిగితే గానీ బయటికి రాదు. తాగడానికి క్యాన్ కొనుక్కునే ఇళ్లలో కూడా అన్నం, పప్పు బోరు నీళ్లతోనే ఉడుకుతాయి. బియ్యం పీల్చుకున్న నీళ్లలోని ఫ్లోరైడ్ కంచంలోకే వస్తుంది. కాచి తాగుతున్నాం కదా అనే ఇళ్లు కూడా ఉంటాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది.

ఈ ఒక్క సంగతితో మన ప్రాజెక్టు మారిపోయింది. తాగే నీళ్లకు మాత్రమే లెక్క వేస్తే ఇంటికి 10, 12 లీటర్లు చాలు. వంటతో కలిపితే రోజుకు 20 లీటర్ల క్యాన్ ఒకటి కావాలి.

ఎడమ వైపు వివరం

పైన లక్ష్యం. ఇది మన ప్రాజెక్టు ఒక్కటే సాధించేది కాదు, మనమూ ఒక చెయ్యి వేసేది: "ఊళ్లో కొత్త తరం పిల్లలు ఫ్లోరోసిస్ లేకుండా పెరుగుతారు." సరే.

దాని కింద ఉద్దేశం. ఒక్కటే రాయండి. "నీళ్లు అందించడం, మహిళల సాధికారత, గ్రామ పారిశుద్ధ్యం" అని మూడూ ఒకే గడిలో కుక్కారంటే అవి మూడు ప్రాజెక్టులు. మన ఉద్దేశం: "ఊళ్లో ఎక్కువ ఇళ్లు తాగడానికీ వండడానికీ ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లే వాడతాయి."

దాని కింద అవుట్‌పుట్లు, మూడు చాలు. ప్లాంటు రోజూ సరైన నీళ్లు ఇస్తూ ఉంటుంది. పొదుపు సంఘం వాళ్ల కమిటీ దాన్ని సొంత ఆదాయంతో నడుపుతుంది. వంట నీళ్ల సంగతి ప్రతి ఇంటికీ తెలుస్తుంది. ఆ కింద పనులు: షెడ్డు, యంత్రం, ఆపరేటర్ శిక్షణ, లెక్కల పుస్తకం, ఇంటింటి తిరుగుడు వగైరా. పనులు విడిగా ప్లాన్‌లో ఎలాగూ ఉంటాయి కాబట్టి ఇక్కడ పేజీలు నింపకండి.

అవుట్‌పుట్‌కీ ఉద్దేశానికీ తేడా తెలియక చాలా పట్టికలు పాడవుతాయి. దానికి నాకు తెలిసిన చిట్కా ఒకటే. ఇది జరగకపోతే దాత మన కాలర్ పట్టుకోవచ్చా అని అడగండి. ప్లాంటు నడవలేదు, పట్టుకోవచ్చు, అది అవుట్‌పుట్. ప్లాంటు నడుస్తున్నా ఫలానా ఇంటావిడ కుళాయి నీళ్లతోనే కూర వండింది, మనం వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపలేం, కాబట్టి అది ఉద్దేశం. అంటే అవుట్‌పుట్ మనం ఇచ్చేది, ఉద్దేశం అవతలివాళ్లు దాంతో చేసేది. "50 మంది మహిళలకు శిక్షణ" అని ఉద్దేశంలో రాసి ఉంటే దాన్ని రెండు మెట్లు కిందికి దించండి.

ఇంకొకటి, వాక్యాన్ని అయిపోయిన స్థితిలా రాయండి. "ప్లాంటు ఏర్పాటు చేయడం" అంటే అది పని. "ప్లాంటు రోజూ నడుస్తూ ఉంటుంది" అంటే అవుట్‌పుట్. ఏర్పాటు చేసి రిబ్బన్ కత్తిరించాక తాళం పడ్డ షెడ్లు మీరు చూసే ఉంటారు, వాటి పట్టికల్లో కూడా "ఏర్పాటు చేయడం" అనే ఉంటుంది, అది నిజంగానే నెరవేరింది కూడా.

అజంప్షన్లు

అందరూ రెండు నిమిషాల్లో నింపేసే వరుస ఇదే. "ప్రజలు సహకరిస్తారు, వర్షాలు బాగా పడతాయి, ప్రభుత్వ విధానాలు మారవు." ఇవి ఏ ప్రాజెక్టుకైనా అతుకుతాయి, అంటే దేనికీ పనికిరావు.

ఇలా చేయండి. కింది వరుస నుంచి మొదలుపెట్టి గట్టిగా చదవండి: "ఈ పనులు చేస్తే, *ఇంకా ఏం జరిగితే*, ఈ అవుట్‌పుట్ వస్తుంది?" ఆ మధ్యలో వచ్చేదే అజంప్షన్. దాన్ని పనుల వరుసకు కుడి చివర రాయండి. తర్వాత అవుట్‌పుట్ల నుంచి ఉద్దేశానికి, ఉద్దేశం నుంచి లక్ష్యానికి కూడా అలాగే.

మన ఊరికి చేసి చూద్దాం. షెడ్డు కట్టి యంత్రం పెడితే రోజూ నీళ్లు వస్తాయా? బోరులో నీళ్లుండాలి. ప్లాంటు కొన్నప్పుడు గంటకు 1000 లీటర్లు అన్నారు కదా అని ఊరుకోకండి. 240 ఇళ్లకు 20 లీటర్ల చొప్పున 4800 లీటర్ల మంచినీళ్లు కావాలంటే, ఆర్‌ఓ ప్లాంటు లోపలికి తీసుకున్న నీళ్లలో దాదాపు సగం బయటికి వదిలేస్తుంది అనుకుంటే, రోజుకు 9600 లీటర్లు తోడాలి. మార్చి దాకా ఇచ్చే బోరు మే నెలలో ఇస్తుందా? ప్లాంటు నుంచి ఉద్దేశానికి: జనం డబ్బులిచ్చి కొనాలి, నడిచి రావాలి, ఆటోలో వచ్చే ప్రైవేటు క్యాన్ కంటే ఇది నయమనిపించాలి. ఉద్దేశం నుంచి లక్ష్యానికి: పిల్లలు బడిలో, అంగన్‌వాడీలో కూడా మంచినీళ్లే తాగాలి, అక్కడ వంట కూడా వాటితోనే జరగాలి. పిల్లాడు ఇంట్లో మంచినీళ్లు తాగి పగలంతా బడి బోరు దగ్గర తాగితే మనం చేసింది సగమే.

ఇప్పుడు వచ్చిన ఒక్కో అజంప్షన్‌నీ జల్లెడ పట్టాలి. ఇది జరగకపోతే ప్రాజెక్టుకు నిజంగా దెబ్బా? కాకపోతే కొట్టేయండి. దెబ్బే గానీ దాదాపు ఖాయంగా జరుగుతుందా? అయినా కొట్టేయండి, రాయాల్సిన పనిలేదు. జరగొచ్చు, జరగకపోవచ్చు అనిపిస్తే పట్టికలో ఉంచి ఎవరు గమనిస్తారో పక్కన రాసుకోండి. జరగకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంటే మాత్రం అది పట్టికలో ఉండటానికి వీల్లేదు. ప్రాజెక్టునే మార్చి దాన్ని మన పనుల్లోకి తెచ్చుకోవాలి. తెచ్చుకోలేకపోతే ఆ ప్రాజెక్టు ఆ ఊళ్లో వద్దు. దీన్నే ఇంగ్లీషు వాళ్లు కిల్లర్ అజంప్షన్ అంటారు, పేరు సరిగ్గానే పెట్టారు.

నా సంగతి చెప్తాను. ఒక ఊళ్లో "భూగర్భ జలం అందుబాటులో ఉంటుంది" అని అజంప్షన్ గడిలో రాసి హాయిగా సంతకం పెట్టించాను. దాత అడగలేదు, నేనూ ఆలోచించలేదు. రెండో ఏడాది ఏప్రిల్ మూడో వారంలో మోటారు గాలి పీల్చడం మొదలుపెట్టింది. ప్లాంటు 50 రోజులు మూతపడింది. వానలు పడి మళ్లీ తెరిచేసరికి సగం ఇళ్లు ఆటో క్యాన్లకు అలవాటు పడిపోయాయి, చాలా ఇళ్లు తిరిగి రానే లేదు. ఆ ఊరి పెద్దాయన ఒకాయన తర్వాత అన్నాడు, "ఆ బోరు ప్రతి ఎండాకాలం అంతే కదయ్యా, నన్నడిగితే చెప్పేవాణ్ని" అని. నేను రాసిన అజంప్షన్ జరిగే అవకాశం లేనిదని ఊరంతటికీ తెలుసు, నా పట్టికకు తప్ప.

కాబట్టి మన ఊరి పట్టికలో బోరును అజంప్షన్ నుంచి తీసేసి పనుల్లో పెడదాం: స్థలం ఖాయం చేయకముందే మే నెలలో బోరును పూర్తిగా నడిపి చూడటం, గంటకు ఎంత ఇస్తుందో, ఎంతసేపట్లో కోలుకుంటుందో రాసుకోవడం. చాలకపోతే వేరే చోటు. బడి, అంగన్‌వాడీ కూడా అంతే, వాటికి రోజూ ఉచితంగా క్యాన్లు చేర్చడం మన పనిగా రాసుకుందాం. ప్రైవేటు క్యాన్ ధర, కరెంటు కోతలు అజంప్షన్లుగానే ఉంటాయి.

ఈ జల్లెడలో ఎవరికీ గుర్తురానిది ఇంకొకటుంది: బయటికి పోయే రిజెక్ట్ నీళ్లు. రోజుకు 4800 లీటర్లు, వాటిలో ఫ్లోరైడ్ బోరు నీళ్లకంటే దాదాపు రెట్టింపు. ప్లాంటు పక్కనే ఇంకుడు గుంత తవ్వి అందులోకి వదిలితే అదే బోరులోకి తిరిగి దిగుతుంది. గేదెలు తాగే తొట్లోకి కూడా వెళ్లకూడదు. దీనికి పనుల్లో ఒక లైను, బడ్జెట్‌లో ఒక లైను కావాలి.

సూచికలు

లక్ష్యం దగ్గరే ముందు తప్పు జరుగుతుంది. "మూడేళ్లలో పిల్లల పళ్లపై గారలు 40 శాతం తగ్గుతాయి" అని రాస్తారు. తగ్గవు. శాశ్వత దంతాల ఎనామెల్ చిగురు లోపల తయారవుతున్నప్పుడే, దాదాపు ఎనిమిదేళ్ల లోపే, ఫ్లోరైడ్ దాన్ని పాడుచేస్తుంది. ఒకసారి మచ్చపడి బయటికొచ్చిన పన్ను ఎన్ని మంచినీళ్లు తాగినా మారదు. మన ప్లాంటు మొదలైన రోజు పుట్టిన పాపకు ముందు పళ్లు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. అంటే మూడేళ్ల ప్రాజెక్టులో ఆ సూచిక ఓడిపోవడం రాసిన రోజే ఖాయం. లక్ష్యం గడిలో నిజాయితీగా "ప్రాజెక్టు తర్వాత, ప్రారంభం నుంచి 8 ఏళ్లకు, ఊళ్లో పుట్టి పెరిగిన ఏడెనిమిదేళ్ల పిల్లల్లో" అని రాయండి. ల్యాబ్ ఖర్చు భరించగలిగితే మధ్యలో చూడటానికి మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష ఉంది, తాగే నీళ్లు మారితే అది పళ్లకంటే చాలా త్వరగా మారుతుంది.

ఉద్దేశం దగ్గరి సూచికకు ఎక్కువ సమయం పెట్టండి. "ఎక్కువ ఇళ్లు వాడతాయి" అనేదాన్ని ఒక్కో ముక్కా కలుపుతూ కట్టాలి. ఎవరు? ఊళ్లోని 320 ఇళ్లలో. ఎంత? 240. ఇప్పుడెంత? ఇది బేస్‌లైన్, పని మొదలవకముందే ప్రతి ఐదో ఇల్లు చొప్పున 64 ఇళ్లు తిరిగితే 7 ఇళ్లు దొరికాయనుకోండి, ఊరంతటికీ లెక్కేస్తే 35. ఎలాంటి నీళ్లు? లీటరుకు 1.0 లోపు ఫ్లోరైడ్ ఉన్నవి, తాగడానికీ వంటకీ రెండింటికీ. ఎప్పటికి? మూడో ఏడాది మే నెలకు. మే అని కావాలనే రాశాను, వానాకాలంలో సర్వే చేస్తే అందరూ బంగారమే.

ప్రశ్న ఎలా అడుగుతారో కూడా పట్టిక పక్కన రాసుకోండి. "ప్లాంటు నీళ్లు వాడుతున్నారా?" అంటే, మీ చేతిలో సంస్థ బ్యాగు చూసి "ఆ, వాడుతున్నాం బాబూ" అంటారు. "ఈ పూట అన్నం ఏ నీళ్లతో వండారమ్మా?" అని అడగండి, వీలైతే పొయ్యి దగ్గర ఉన్న బిందె చూపించమనండి. నాతో వచ్చిన ఒకమ్మాయి ప్రశ్న ఏమీ అడగకుండా "దాహంగా ఉంది, కొంచెం నీళ్లిస్తారా పిన్నీ" అనేది. ఆవిడ ఏ బిందెలో గ్లాసు ముంచుతుందో చూసి రాసుకునేది, తర్వాత వంట నీళ్లు అడిగేది. నాలుగు పేజీల ప్రశ్నావళి కంటే అది నాకు నచ్చింది.

అవుట్‌పుట్ దగ్గర టీడీఎస్ మీటర్ ఉచ్చు ఉంది. ఆపరేటర్ పెన్ను లాంటి మీటర్ నీళ్లలో ముంచి "చూడండి సార్, 60 వచ్చింది" అని గర్వంగా చూపిస్తాడు. అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తం లెక్క, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ప్లాంటులో నీళ్లను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, పాడవుతోందని అనుమానించడానికి పనికొస్తుంది అంతే. కాబట్టి "ఫ్లోరైడ్ 1.0 లోపు" అని సూచిక పెట్టి, ఆధారంగా నెలకోసారి ఫీల్డ్ కిట్, మూడు నెలలకోసారి ల్యాబ్ రిపోర్టు అని రాయండి. ల్యాబ్ ఫీజు బడ్జెట్‌లో ఉందో లేదో అప్పుడే చూడండి. డబ్బు పెట్టని ఆధారం ఆధారం కాదు.

కమిటీ సంగతి "బలోపేతమైంది" అని రాస్తే ఏం కొలుస్తారు? డబ్బుతో కొలవండి. ఆపరేటర్ జీతం 12,000, కరెంటు, ఫిల్టర్లు, మెంబ్రేన్ కోసం పక్కన పెట్టేది అన్నీ కలిపి నెలకు 27,000 అనుకుందాం. క్యాన్ 5 రూపాయలైతే 30 రోజులకు ఒక క్యాన్ 150 రూపాయలు. అంటే రోజుకు 180 క్యాన్లు అమ్ముడుపోతే ఖర్చు తిరిగొస్తుంది. మన కమిటీకి సూచిక ఇదే: రోజుకు సగటున 180 తగ్గకుండా, నెలాఖరుకు మెంబ్రేన్ ఖాతాలో డబ్బు పడి ఉండాలి. ఆధారం క్యాన్ల రిజిస్టరు, బ్యాంకు పాస్‌బుక్. రెండూ ఎలాగూ ఉండేవే, మనం కొత్తగా ఏ ఫారమూ పెట్టలేదు.

అన్నీ కలిపితే కుదించిన రూపం ఇలా వస్తుంది:

| వివరం | సూచిక | ఆధారం | అజంప్షన్ |
|---|---|---|---|
| లక్ష్యం: కొత్త తరం పిల్లలు ఫ్లోరోసిస్ లేకుండా పెరుగుతారు | 8 ఏళ్లకు, ఊళ్లోనే పెరిగిన 7-8 ఏళ్ల పిల్లల్లో పళ్ల మచ్చలు బేస్‌లైన్‌లో సగానికి | బడిలో దంత పరీక్ష | (పైన ఇంకేం లేదు) |
| ఉద్దేశం: ఎక్కువ ఇళ్లు తాగడానికీ వండడానికీ మంచినీళ్లే వాడతాయి | 3వ ఏడాది మే నాటికి 320లో 240 ఇళ్లు (ఇప్పుడు 35) | 64 ఇళ్ల సర్వే, బిందె చూసి | ప్రాజెక్టు అయ్యాక కూడా బడి, అంగన్‌వాడీ ఈ నీళ్లే వాడతాయి |
| అవుట్‌పుట్ 1: ప్లాంటు రోజూ నడుస్తుంది | నెలకు 27 రోజులు, ఫ్లోరైడ్ 1.0 లోపు | లాగ్‌బుక్, ల్యాబ్ రిపోర్టు | ప్రైవేటు క్యాన్ దీనికంటే చవకగా రాదు |
| అవుట్‌పుట్ 2: కమిటీ సొంత ఆదాయంతో నడుపుతుంది | రోజుకు 180 క్యాన్లు, మెంబ్రేన్ ఖాతాలో నెలనెలా జమ | రిజిస్టరు, పాస్‌బుక్ | జనం రోజుకు 5 రూపాయలు పెడతారు |
| అవుట్‌పుట్ 3: వంట నీళ్ల సంగతి అందరికీ తెలుసు | 64 ఇళ్లలో 58 ఇళ్లు అడగ్గానే చెప్పగలగాలి | అదే సర్వే | తెలిసినవాళ్లు వాడతారు |
| పనులు: మే బోరు పరీక్ష, ప్లాంటు, శిక్షణ, ఇంటింటికీ, బడికి క్యాన్లు, రిజెక్ట్ నీళ్ల దారి | (ఇక్కడ బడ్జెట్) | బిల్లులు | పగటిపూట 6 గంటలు కరెంటు |

అవుట్‌పుట్ 3 పక్కనున్న అజంప్షన్ నాకే నచ్చలేదు, చదివి చూడండి. "తెలిసినవాళ్లు వాడతారు" అట. వంటకు కూడా సరిపడా 20 లీటర్ల క్యాన్ రోజూ మోసుకురావడం ఎవరి పని? ఆవిడ పనే. తెలియక కాదు, మోయలేక వాడరు. అంటే ఇది జరగకపోవడానికే అవకాశం ఎక్కువ, జల్లెడ ప్రకారం ఇది ఇక్కడ ఉండకూడదు. క్యాన్ ఇంటి దగ్గర దించడానికి ఒక ట్రాలీ బండి పనుల్లోకి రావాలి, దాని ఖర్చు నెల లెక్కలోకి రావాలి. బండి తోలే మనిషికి నెలకు 6,000 ఇస్తే 27,000 కాస్తా 33,000 అవుతుంది, 180 క్యాన్లు 220 అవుతాయి. 240 ఇళ్లలో దాదాపు అన్నీ కొనకపోతే కమిటీకి ఊపిరాడదని ఇప్పుడు తెలిసింది, పట్టిక రాయకపోతే ఇది మూడో ఏడాది తెలిసేది. దించినందుకు క్యాన్‌కు రూపాయి ఎక్కువ తీసుకోవాలా, లేక పొదుపు సంఘం నుంచే ఆ మనిషి వస్తారా అనేది మీటింగ్‌లో తేలాల్సిన విషయం, ఆఫీసులో కూర్చుని రాసేది కాదు.

అందుకే చివరి పని, పట్టికను దాతకు పంపే ముందు ఊళ్లో చదవండి. ఇంగ్లీషు ఫారం కాదు, నోటితో, కింది నుంచి పైకి, "ఇవి చేసి, ఇలా జరిగితే, అది వస్తుంది" అని. ఆపరేటర్ కాబోయే కుర్రాడు, కమిటీలో ఉండబోయే ఇద్దరు ఆడవాళ్లు, ఇంకా ఆ ఊళ్లో ప్రతిదానికీ అడ్డం మాట్లాడతాడని పేరున్న ఆయన తప్పకుండా ఉండాలి. ఎవరు ఎక్కడ నవ్వితే ఆ గడి మళ్లీ రాయండి. తర్వాత దాన్ని ప్లాంటు గోడకు అంటించి, మూడు నెలలకోసారి మొదట కుడి చివరి వరుస చూడండి. ఆటో క్యాన్ ధర ఎంతైంది, కరెంటు ఎన్ని గంటలొచ్చింది. 180 అన్నది 220 అయినట్టే ఏ అంకె మారినా పక్కన తేదీ వేసి, ఎందుకు మారిందో ఒక లైను రాసి దాతకు మెయిల్ పెట్టండి, ఏడాది చివర్లో కాదు, ఆ వారంలోనే.